మా నాన్న చల్లిన యూరియాకీ, సముద్రం అడుగున చేపల ఊపిరికీ లంకె ఏమిటి?

రమ_తిరువాన్మియూరు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం రాత్రి బీచ్‌లో నడుస్తుంటే అలలు నీలంగా మెరిశాయి. 2019 ఆగస్టులో బీసెంట్ నగర్ దగ్గర మెరిసినప్పుడు జనం విరగబడి వెళ్ళారు కదా, అచ్చం అలాగే. మా అమ్మాయి ఎంత మురిసిపోయిందో! పక్కన నడుస్తున్న ఒక పెద్దాయన మాత్రం "అది అందం కాదమ్మా, సముద్రం చచ్చిపోతోందనడానికి గుర్తు. పొలాల్లో ఎరువులు ఎక్కువై ఇలా అవుతోంది. దీన్నే డెడ్ జోన్ అంటారు" అన్నారు.

అప్పట్నుంచీ మనసు బాగాలేదు. మాది కోవూరు దగ్గర పల్లె. నాన్న ఇప్పటికీ వరి వేస్తారు. ఎకరాకి మూడు బస్తాల యూరియా చల్లుతారు. పొలంలో నీళ్ళు మురుగు కాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతాయని నాకు తెలుసు. నాకు అర్థం కానిది ఒక్కటే. ఎరువు విషం కాదు, మొక్కకి తిండి. మొక్కకి తిండి పెడితే చేపకి ఊపిరి ఎందుకు ఆడదు? తెలిసినవాళ్ళు మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పండి.

---

ఓఎంఆర్_కిరణ్ · ఆదివారం, రాత్రి 10:05

రమ గారూ, ఆ పెద్దాయన చెప్పింది నిజమే. బంగాళాఖాతంలో ఆక్సిజన్ లేని ప్రాంతం చాలా పెద్దది ఉంది, నేను దాని గురించి చదివాను. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ ఇన్ని నదులు ఎరువులు మోసుకొచ్చి పోస్తుంటే అలా కాక ఇంకెలా అవుతుంది? మన సముద్రం ఇప్పటికే డెడ్ జోన్.

---

భీమవరం_సత్తిబాబు · ఆదివారం, రాత్రి 10:31

అక్కా, ఇది మాకు రోజూ ఉండేదే. నేను అంబత్తూరులో ఉద్యోగం చేస్తున్నాను గానీ ఊళ్ళో నాన్న, అన్నయ్య కలిసి ఆరెకరాల చేపల చెరువు చూసుకుంటారు. చెరువులో మేత ఎక్కువై నీళ్ళు చిక్కగా పచ్చబడితే పగలంతా బాగానే ఉంటుంది. తెల్లారుజామున మూడింటికి, నాలుగింటికి చేపలు తలలు పైకెత్తి నోళ్ళు తెరుస్తుంటాయి. నాచుకి కూడా రాత్రిపూట ఆక్సిజన్ కావాలి, వెలుతురు ఉండదు కాబట్టి తయారు చెయ్యలేదు. ఆ వేళకి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పకపోతే ఒక్క రాత్రిలో సరుకంతా పోతుంది. మా అన్నయ్యకి ఒకసారి కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపే సగం పంట పోయింది. సముద్రంలో జరిగేది కూడా అదే. పొద్దెక్కాక మళ్ళీ సర్దుకుంటుంది.

---

సుశీల_పెరంబూరు · ఆదివారం, రాత్రి 10:48

మేము ప్రతి ఆదివారం కాశిమేడు నుంచి వంజరం, శంకర తెచ్చుకుంటాం. ఈ మెరుపు వచ్చిన నీళ్ళలో చేపలు తినొచ్చా? పిల్లలున్న ఇల్లు. దయచేసి ఎవరైనా చెప్పండి.

---

కడలి_మూర్తి · సోమవారం, ఉదయం 6:20

నేను బందరువాణ్ణి. చెన్నైలో ఒక సముద్ర ప్రయోగశాలలో పడవ మీద నీటి నమూనాలు తీసే పని ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. ఈ ముడి ఒక్కొక్కటిగా విప్పుతాను.

రమ గారు, ముందు మీరు చూసిన మెరుపు. నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి అది. అల తగిలితే వెలుగుతుంది. అది నాచుని తిని బతుకుతుంది కాబట్టి, అది పెరిగిందంటే దాని తిండి కూడా ఈ మధ్య బాగా పెరిగి ఉండాలి. కానీ ఆ తిండికి పోషకాలు ఎరువుల నుంచే రావాలని లేదు. సముద్రం అడుగు నీళ్ళు పైకి వచ్చినా వస్తాయి, ఊరి మురుగు నుంచీ వస్తాయి. కాబట్టి మెరుపు డెడ్ జోన్‌కి గుర్తు కాదు. అలాగని పూర్తిగా కొట్టిపారెయ్యలేం కూడా. 2008 అక్టోబరులో మన్నార్ సింధుశాఖలో ఇదే జీవి విపరీతంగా పెరిగి కుళ్ళినప్పుడు చేపలూ, పగడాలూ చచ్చిపోయాయి. 2019 సెప్టెంబరులో రామేశ్వరం దగ్గరి మండపం ఊరి వైపు మళ్ళీ చేపలు తేలాయి.

కిరణ్ గారు, మీరు చదివింది వేరే విషయం. బంగాళాఖాతంలో దాదాపు వంద మీటర్ల లోతు కింద, కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పొర ఉంది. అది మనుషులు యూరియా కనిపెట్టక ముందు నుంచీ ఉంది. పైనుంచి రాలే సేంద్రియ పదార్థం అక్కడ కుళ్ళుతుంది, కొత్త నీరు చేరేది తక్కువ. డెడ్ జోన్ అని రమ గారు అడిగేది ఒడ్డుకి దగ్గర్లో, పది ఇరవై మీటర్ల లోతులో, ఏటా ఒక ఋతువులో ఏర్పడి పోయేది. ఈ రెండూ ఒకటే అనుకుంటే, రైతుది కాని నేరం రైతు మీద పడుతుంది.

సత్తిబాబు, నువ్వు చెప్పింది చెరువుకి నిజం, సముద్రానికి సగమే. చెరువులో నాచు బతికుండి రాత్రి ఊపిరి పీలుస్తుంది. సముద్రంలో చంపేది చచ్చిన నాచు. అది పొద్దెక్కాక సర్దుకోదు. వారాలు, కొన్నిచోట్ల నెలలు అలాగే ఉంటుంది.

సుశీల గారు, నాక్టిల్యూకా మనుషుల్ని విషపరిచే రకం కాదు. అయినా రంగు మారిన నీళ్ళలో తేలిన చేప, ఒడ్డుకి కొట్టుకొచ్చిన చేప మాత్రం కొనకండి. అది ఎప్పుడు చచ్చిందో చెప్పలేం.

---

ఓఎంఆర్_కిరణ్ · సోమవారం, ఉదయం 8:15

మూర్తి గారూ, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. ఒక్క సందేహం. నాచు పెరిగేటప్పుడు ఆక్సిజన్ వదులుతుంది. కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ తీసుకుంటుంది. ఎంత వదిలిందో దాదాపు అంతే తీసుకోవాలి కదా? అప్పుడు చెల్లుకి చెల్లు అయిపోవాలి. లోటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

---

కడలి_మూర్తి · సోమవారం, ఉదయం 9:02

ఈ ప్రశ్న అడిగారంటే అసలు సంగతి దగ్గరికి వచ్చేశారు. లెక్క చెల్లుకి చెల్లే. కానీ జమ ఒకచోట, ఖర్చు ఇంకోచోట.

నాచు పెరిగేది వెలుతురున్న పై పొరలో. అక్కడ పుట్టిన ఆక్సిజన్‌లో నీళ్ళు పట్టుకోగలిగినంత మించినది గాలిలోకి పోతుంది. నాచు ఒక్కసారిగా విపరీతంగా పెరగడాన్ని బ్లూమ్ అంటారు. అది జోరుగా ఉన్న రోజు మధ్యాహ్నం పై నీళ్ళు కొలిస్తే మామూలు కన్నా ఎక్కువే కనిపిస్తుంది. తర్వాత ఆ నాచు చచ్చి, లేదా చిన్న జీవులు తిని విసర్జించిన రెట్టగా, అడుగుకి రాలుతుంది. బ్యాక్టీరియా దాన్ని అక్కడ తింటుంది. వాటికి కావలసిన ఆక్సిజన్ అడుగు నీటిలోంచే తీసుకోవాలి. పైన గాలిలోకి పోయింది తిరిగి కిందికి రావాలంటే పై నీరూ కింది నీరూ కలవాలి.

కలవకపోవడమే ఇక్కడ కీలకం. గాజు గ్లాసులో సగం దాకా ఉప్పు నీళ్ళు పోసి, రంగు వేసి, దాని మీద చెంచా అడ్డుపెట్టి మంచినీళ్ళు నెమ్మదిగా పొయ్యండి. గంటల తరబడి రెండు పొరలు విడివిడిగా ఉంటాయి. నది సముద్రంలో కలిసేచోట జరిగేది అదే. తేలికైన నది నీరు పైన, బరువైన ఉప్పు నీరు కింద. ఎండ పైపొరని ఇంకా వేడెక్కించి తేలిక చేస్తే మూత ఇంకా బిగుసుకుంటుంది. ఎరువు ఒక్కటే డెడ్ జోన్ తయారు చెయ్యలేదు. ఎరువూ కావాలి, మూతా కావాలి.

అందుకే మిసిసిపీ నది ముఖం దగ్గర, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, ఏటా వేసవిలో అంత పెద్దది ఏర్పడుతుంది. ఆ నది అమెరికా ప్రధాన భూభాగంలో 41 శాతం నేల నుంచి నీటిని లాక్కొస్తుంది. అందులో మొక్కజొన్న, సోయా పండే నేలలే ఎక్కువ. అక్కడి పొలాల కింద తొందరగా ఆరడానికి గొట్టాలు పాతి ఉంటాయి. నేల వడపోసే అవకాశమే లేకుండా నైట్రేట్ ఆ గొట్టాల గుండా కాలువలోకి జారుతుంది. వసంతంలో నది ఎంత నైట్రేట్ తెచ్చిందో చూసి, జులైలో డెడ్ జోన్ ఎంత ఉంటుందో ముందే అంచనా వేస్తారు. నాన్సీ రబలై అనే శాస్త్రవేత్త బృందం 1985 నుంచి దాదాపు ప్రతి జులైలోనూ ఓడ మీద వెళ్ళి కొలుస్తోంది. 2017లో 22,720 చదరపు కిలోమీటర్లు వచ్చింది, ఇంతవరకూ అదే అతి పెద్దది. 2020లో 5,500 దగ్గరే ఆగింది. ఆ ఏడు ఎరువులేమీ తగ్గించలేదు. కొలవడానికి ఓడ బయల్దేరే ముందు హానా తుఫాను వచ్చి మూతని చీల్చేసింది, నీళ్ళు కలిసిపోయాయి.

---

రమ_తిరువాన్మియూరు · సోమవారం, మధ్యాహ్నం 1:20

గ్లాసు ప్రయోగం చేశాం. మా అమ్మాయి గంటన్నర దాని ముందే కూర్చుంది. ఇప్పుడు అర్థమైంది మూర్తి గారూ.

ఒక చిన్న కోరిక. మా నాన్న పేరు చెప్పి అడుగుతున్నాను. ఒక బస్తా యూరియా ఎంత నీటి ఊపిరి తీస్తుందో లెక్క కట్టగలరా? మామూలుగా "ఎక్కువ", "తక్కువ" అంటే నాన్న వినరు. అంకె చెబితే వింటారు.

---

కడలి_మూర్తి · సోమవారం, సాయంత్రం 5:45

కట్టొచ్చు. ముందే ఒక మాట. ఇది పై హద్దు, మీ నాన్నగారి మీద నేరారోపణ కాదు.

బస్తా 45 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని, అంటే సుమారు 20 కిలోలు. సముద్రంలో ఎదిగే నాచు తన ఒంట్లో నత్రజని, కార్బన్, భాస్వరం ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పెట్టుకుంటుందని ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1930లలో గమనించాడు. ఒక భాస్వరం పరమాణువుకి 16 నత్రజని, 106 కార్బన్. ఆ నాచు పూర్తిగా కుళ్ళడానికి 138 ఆక్సిజన్ అణువులు కావాలి. బరువుల్లోకి మారిస్తే, కిలో నత్రజనితో తయారైన నాచు కుళ్ళడానికి దాదాపు 20 కిలోల ఆక్సిజన్ పోతుంది. బస్తాకి 400 కిలోలు.

మన వేడి సముద్రంలో, ఉప్పు నీటిలో, గాలితో సరిసమానంగా ఉన్నప్పుడు లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల లోపే ఆక్సిజన్ ఉంటుంది. అది 2 మిల్లీగ్రాములకి దిగితే డెడ్ జోన్ అని లెక్క. అంటే ఒక ఘనపు మీటరు నీటిని ఆ స్థితికి దించడానికి సుమారు నాలుగున్నర గ్రాములు లాగితే చాలు. 400 కిలోల్ని దాంతో భాగించండి. 90,000 ఘనపు మీటర్లు. అడుగున రెండు మీటర్ల మందాన ఉండే పొర అనుకుంటే 11 ఎకరాలు.

మొత్తం బస్తా సముద్రం దాకా రాదు. పదో వంతు వచ్చిందనుకుందాం. అయినా ఎకరం పైచిలుకు.

ఇందులో నేను కలపనివి ఉన్నాయి. రాలే నాచులో కొంత అడుగుకి చేరేలోపే పైనే కుళ్ళిపోతుంది. అడుగు పొరకి పక్కనుంచీ, పైనుంచీ కొంత ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. ఈ రెండూ నష్టాన్ని తగ్గిస్తాయి. ఇంకోపక్క అదే నత్రజని కుళ్ళి, మళ్ళీ పైకి వచ్చి, మళ్ళీ నాచు అవుతుంది. ఒకే కిలో రెండు మూడుసార్లు పని చేస్తుంది. అది నష్టాన్ని పెంచుతుంది. కాబట్టి పదకొండు ఎకరాల్ని పట్టుకుని ఎవరితోనూ వాదించకండి. చిటికెడు నత్రజని ఇరవై రెట్లు ఆక్సిజన్ లాగుతుందన్నదే గుర్తుపెట్టుకోవలసింది.

---

వరిమడి_వాణి · సోమవారం, రాత్రి 8:10

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను, ఇప్పుడు ఇక్కడ విత్తనాల కంపెనీలో పనిచేస్తున్నాను. మూర్తి గారి లెక్క సముద్రం వైపు నుంచి. పొలం వైపు నుంచి నేను కొంచెం చెప్పాలి. లేకపోతే రమ నాన్నగారికి అన్యాయం జరుగుతుంది.

వరికి వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతులు. మిగతాదంతా మురుగు కాలవలోకే పోతుందని అనుకోకండి. నిల్వ నీళ్ళ మీద యూరియా చల్లితే పెద్ద నష్టం గాల్లోకి. మడిలో నీళ్ళ మీద కూడా సన్నటి నాచు ఉంటుంది కదా, మిట్టమధ్యాహ్నం అది నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తుంది. నీటికి క్షార గుణం పెరిగి, యూరియా నుంచి వచ్చిన అమ్మోనియా ఆవిరై లేచిపోతుంది. ఇంకొంత బురద కింద నత్రజని వాయువుగా మారిపోతుంది. అది ఎవరికీ హాని చెయ్యదు.

కాలవలోకి పోయేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. పైపాటుగా యూరియా చల్లిన వెంటనే వాన కొట్టి గట్లు పొర్లినప్పుడు. చల్లిన రెండు మూడు రోజుల్లోనే నీళ్ళు తీసేసినప్పుడు. అందుకే మడిలో నీళ్ళు తీసి, బురద పదునులో ఎరువు వేసి, ఒకటి రెండు రోజులాగి నీళ్ళు పెట్టమని మా వాళ్ళు చెబుతూ వస్తున్నారు. ఆ రోజుల్లో యూరియా అమ్మోనియంగా మారి బురదని పట్టుకుంటుంది.

మిసిసిపీలో గొట్టాలున్న ఎండు నేల. అక్కడ నత్రజని నైట్రేట్‌గా మారి నీటితో పాటే జారిపోతుంది. మన మాగాణి అలాంటిది కాదు. ఆ లెక్కని ఇక్కడికి తెచ్చి అతికించకూడదు.

---

కడలి_మూర్తి · సోమవారం, రాత్రి 8:42

వాణి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం. గాల్లోకి లేచిన అమ్మోనియా మాయమవదు. వానతో మళ్ళీ నేల మీదో, సముద్రం మీదో పడుతుంది. అందులో ఎంత సముద్రానికి చేరుతుందన్నది మన తీరానికి నేను చెప్పలేను.

---

వేళచ్చేరి_ప్రసాద్ · సోమవారం, రాత్రి 9:30

క్షమించాలి, కానీ ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఎరువులు, ఎరువులు అని పల్లెవాళ్ళనే అంటున్నారు. మా వీధిలో డ్రైనేజీ పొంగి మూడు వారాలైంది. ఫిర్యాదు చేస్తే ఎవరూ రాలేదు. ఆ నీళ్ళన్నీ వాన కాలవలోకి, అక్కణ్ణుంచి చిత్తడి నేలలోకి పోతున్నాయి. అడయారు, కూవం నదుల పక్కన నిలబడితే ముక్కు మూసుకోవాలి. దాని సంగతేమిటి? చెన్నై సముద్రానికి హాని చేసేది కోవూరు రైతా, మనమా?

---

కడలి_మూర్తి · సోమవారం, రాత్రి 10:15

ప్రసాద్ గారు, కూవం, అడయారు ముఖాల దగ్గర మాత్రం ప్రధానంగా మనమే. ఆ నదుల్లో ఎండాకాలం పారేది దాదాపు మురుగే. మురుగు రెండు విధాలుగా పనిచేస్తుంది. దానిలోని మలినాన్ని కుళ్ళబెట్టడానికి ఆక్సిజన్ నేరుగా అక్కడికక్కడే ఖర్చవుతుంది, నాచు అవసరమే లేదు. ఆ తర్వాత మిగిలిన అమ్మోనియా, భాస్వరం సముద్రంలో నాచుకి తిండి అవుతాయి. నీళ్ళు నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆక్సిజన్ పూర్తిగా అయిపోయిందని అర్థం. అప్పుడు బ్యాక్టీరియా సల్ఫేట్ మీద పడి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది.

అయితే చెన్నై ముందు సముద్రం వీటితో తేలిగ్గా డెడ్ జోన్ కాదు. ఇక్కడ ఒడ్డున అలల పోటు ఎక్కువ, ప్రవాహం బలమైనది, నీరు కలుస్తూనే ఉంటుంది. మూత నిలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం జాగ్రత్తగా చూడాలి. అప్పుడు ఒడ్డు వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్ళుతుంది. గంగ నుంచి కృష్ణ, పెన్న దాకా నదులు పోసిన ఉప్పు తక్కువ నీరు మన ముందు నుంచే పోతుంది. రమ గారి నాన్న మడి నీటి చుక్క కూడా వాటిల్లో ఒకటి. అదే సమయంలో తుఫాన్లు వచ్చి కలిపేస్తుంటాయి. ఏది గెలుస్తుందన్నది ఏటికేడు మారుతుంది.

---

కాశిమేడు_ఏసు · సోమవారం, రాత్రి 11:05

అయ్యా, నేను చదువుకున్నోణ్ణి కాదు. మా తాత పులికాట్ నుంచి వచ్చాడు, మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఫైబర్ పడవ మీద పోతాను. మీరందరూ అంటున్నది చూసి ఒకటి చెప్పాలనిపించింది.

పోయిన ఏడు ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు, నవంబరు మధ్య, వాన పడి నాలుగు రోజులు గాలి లేకుండా నిలిచిపోయింది. నీళ్ళు పైన మట్టి రంగు, కింద వేరే రంగు. ఎన్నూరు దాటాక అడుగు వల వేస్తే పీతలు చచ్చి వచ్చినాయి. బతికున్నయి కూడా కదల్లేదు. అదే చోట పై వల వేసినోళ్ళకి కవళ్ళు బాగా పడినాయి. పైన చేప ఉండి, కింద చావు ఎందుకని మేము తలలు పట్టుకున్నాం. మా వాళ్ళు ఫ్యాక్టరీ నీళ్ళని అన్నారు. నాకు నమ్మకం లేదు.

---

కడలి_మూర్తి · మంగళవారం, ఉదయం 5:50

ఏసూ, చదువుకున్నవాళ్ళం ఇంతసేపు మాట్లాడాం, నువ్వు చూసొచ్చావు. పైన కవళ్ళు, కింద చచ్చిన పీతలు. వాన నీటి మూత, గాలి లేకపోవడం. అన్నీ అటే చూపిస్తున్నాయి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో మొబైల్ బే అనే సముద్రపు పాయ ఉంది. వేసవి తెల్లారుజామున ఒక్కోసారి పీతలు, నాలుక చేపలు, రొయ్యలు గుంపులుగా ఒడ్డు నీటిలోకి వచ్చి పడతాయి. అక్కడివాళ్ళు బుట్టలతో ఏరుకుంటారు, దాన్ని జూబిలీ అంటారు. కింద ఊపిరాడని నీరు ఒడ్డు వైపు తోసుకొస్తే వాటికి పారిపోయే దారి ఇంకొకటి లేక అలా వస్తాయి. అడుగున బతికేవి ముందు దెబ్బతింటాయి, ఈదే చేప తప్పించుకుంటుంది.

అయినా ఇది ఎరువా, మురుగా, ఫ్యాక్టరీ విషమా అని వల చూసి తేల్చలేం. అడుగు నీరు కొలవాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. కొత్తలో నేనూ చేశాను. బకెట్‌తో పై నీరు తీసి, లీటరుకు ఆరు మిల్లీగ్రాములు అని రాసుకుని, సముద్రం బాగుందని రిపోర్టు ఇచ్చాను. మా పెద్దాయన కాగితం చూసి, "నువ్వు గాలిని కొలిచావు" అన్నారు. ఉపగ్రహం చూసేది కూడా పై రంగునే. నాచు ఉందో లేదో చెబుతుంది, అడుగున ఊపిరి ఉందో లేదో దానికి కనపడదు.

చెయ్యవలసింది ఇదీ. నేలకి మీటరు లోపు ఎత్తులో మూసుకునే సీసా దించాలి. పైకి తెచ్చాక ఆ నీటిని చిన్న సీసాలోకి గొట్టంతో అడుగు నుంచి నింపాలి, బుడగ లేకుండా పొర్లనివ్వాలి. వెంటనే మాంగనీస్ ద్రావణం, ఆ తర్వాత క్షార అయోడైడ్ వెయ్యాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి పడుతుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఒడ్డుకి వచ్చాక టైట్రేషన్ చేస్తే అంకె వస్తుంది. ఆ రంగు చూస్తే పడవ మీదే సగం సంగతి తెలిసిపోతుంది. పై నీటి ఉప్పు, కింది నీటి ఉప్పు కూడా కొలిస్తే మూత ఉందో లేదో తేలుతుంది. నా దగ్గర పాత సీసాలు రెండున్నాయి.

---

భీమవరం_సత్తిబాబు · మంగళవారం, ఉదయం 8:30

మూర్తి గారూ, నిన్న సగమే నిజమన్నారు కదా, రాత్రంతా దాని గురించే ఆలోచించాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు చెరువుల్లో చేపల పట్టుబడి అయ్యాక నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలేస్తాం. అడుగున మేత కుళ్ళిన నల్ల బురదతో సహా. మీ లెక్క ప్రకారం అదంతా నత్రజనే. యూరియా బస్తా గురించి మాట్లాడి మేత బస్తా గురించి మాట్లాడకపోతే తప్పవుతుంది. ఆ నీళ్ళని పక్కన ఒక గుంటలో కొన్నాళ్ళు నిలబెట్టి వదలొచ్చు. స్థలం పోతుందని మేమెవరం చెయ్యం. అన్నయ్యతో మాట్లాడతాను.

---

ఓఎంఆర్_కిరణ్ · మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఎరువు తగ్గిస్తే సముద్రం నిజంగా కోలుకుంటుందా? ఎక్కడైనా జరిగిందా?

---

కడలి_మూర్తి · మంగళవారం, మధ్యాహ్నం 2:25

నల్ల సముద్రంలో జరిగింది, ఎవరూ పథకం వెయ్యకుండానే. డాన్యూబ్ నది కలిసే వాయవ్యపు లోతు తక్కువ నీటిలో 1970, 80లలో పెద్ద డెడ్ జోన్ ఉండేది. ఒక దశలో 40,000 చదరపు కిలోమీటర్ల దాకా పాకింది. 1990 తర్వాత సోవియట్ వ్యవస్థ కూలి, ఎరువుల సబ్సిడీ పోయి, రైతులు కొనలేకపోయారు. కొన్నేళ్ళలోనే, 1990ల మధ్యకి, డెడ్ జోన్ దాదాపు లేకుండా పోయింది. అడుగున జీవరాశి తిరిగి రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మిసిసిపీలో కథ వేరు. డెడ్ జోన్‌ని 2015కల్లా 5,000 చదరపు కిలోమీటర్ల లోపుకి తెస్తామన్నారు. కుదరక గడువు 2035కి జరిపారు. దశాబ్దాలుగా నేలలో, భూగర్భ జలంలో ఇంకిన నత్రజని ఇంకా ఊరుతూనే ఉంది. ఈ రోజు చల్లడం ఆపినా పాత బాకీ తీరేసరికి దశాబ్దాలు పడుతుంది. ఒకచోట అంత త్వరగా, ఇంకోచోట ఇంత ఆలస్యంగా ఎందుకు అని నన్నడిగితే, నేల కింద ఎంత దాగిందన్నదే పెద్ద తేడా అనుకుంటాను. వాణి గారికి వేరే అభిప్రాయం ఉండొచ్చు.

---

వరిమడి_వాణి · మంగళవారం, సాయంత్రం 6:40

ఉంది. నల్ల సముద్రం చుట్టూ రైతులు నష్టపోతేనే అది బాగుపడింది. దాన్ని ఉదాహరణగా చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పాలి. ఇక్కడ రైతు యూరియా ఎక్కువ చల్లేది మొండితనంతో కాదు. బస్తా మూడొందల లోపు దొరుకుతుంది, భాస్వరం, పొటాష్ దాని పక్కన చాలా ఖరీదు. ఆకు పచ్చబడటం యూరియాతోనే కళ్ళకి కనిపిస్తుంది. ధరల్లో ఆ తేడా ఉన్నంతకాలం బురద పదును గురించి ఎంత చెప్పినా కొంతమందే వింటారు.

---

రమ_తిరువాన్మియూరు · మంగళవారం, రాత్రి 9:15

నాన్నకి ఫోన్ చేశాను. పదకొండు ఎకరాల మాట చెప్పగానే "నా పొలమే నాలుగెకరాలు, ఒక బస్తా పదకొండు ఎకరాలు తింటుందా?" అని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మూర్తి గారు చెప్పిన మినహాయింపులన్నీ చెప్పాను. బురద పదునులో వెయ్యడం ఆయనకి తెలుసట. కాలవ నీళ్ళు వంతుల వారీగా వస్తాయి, మడిలో నీళ్ళు తీసేస్తే మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే తీయరట. ఇది నాకు ఇన్నేళ్ళూ తెలియదు. వాణి గారూ, నీళ్ళు పూర్తిగా తియ్యకుండా ఏదైనా దారి ఉందా?

---

వరిమడి_వాణి · మంగళవారం, రాత్రి 9:50

ఒకే దఫా ఎక్కువ చల్లకుండా మూడు దఫాలుగా వెయ్యమనండి. నీళ్ళు సహజంగా ఇంకి పలచబడిన రోజు, వంతు రావడానికి ముందురోజు చల్లితే తీయాల్సిన పనే ఉండదు. వాన సూచన ఉంటే ఆపాలి. గట్టుకి గండి ఉంటే ముందు అది పూడ్చాలి. మూడో బస్తా నిజంగా అవసరమా అన్నది మట్టి పరీక్ష చేయించి చూడాలి. నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను.

---

కాశిమేడు_ఏసు · మంగళవారం, రాత్రి 10:30

మూర్తయ్యా, ఐప్పసిలో వాన పడి గాలి నిలిచిన మర్నాడు మీకు ఫోన్ చేస్తాను. సీసాలు తీసుకుని తెల్లారి నాలుగింటికి హార్బర్ గేటు దగ్గరికి రండి. చోటు నాకు గుర్తుంది.

---

కడలి_మూర్తి · మంగళవారం, రాత్రి 10:41

వస్తాను. పోయినసారి వల వేసిన చోట ఒకటి, అక్కణ్ణుంచి ఉత్తరంగా పులికాట్ ముఖం వైపు రెండు చోట్ల తీద్దాం. మూడింట్లోనూ పైదీ, అడుగుదీ.